ఫ్లేర్ లెన్స్‌లో, కిరణం గాలిలో, బొకే వెనకాల: దొంగ ఎండ దొరికిపోకుండా వేయడం ఎలా

ప్రశ్న: అన్నా, ప్రీ వెడ్డింగ్ ఫోటో ఒకటి ఎడిట్ చేస్తున్నా. రాజమండ్రి దగ్గర కొబ్బరితోటలో మార్చి మొదటి వారంలో, సాయంత్రం 4:15కి తీశాను. ఫుల్ ఫ్రేమ్, 85 ఎంఎం, f/2, నిలువు ఫ్రేమ్, జంట నాకు 7 మీటర్ల దూరంలో ఉన్నారు. ఎండ వాళ్ళ వెనక ఎడమ వైపు నుంచి వస్తోంది. ఫోటోషాప్‌లో Lens Flare వేశా, నెట్‌లో దొరికిన సన్ రేస్ పీఎన్‌జీ పెట్టా, బొకే లైట్లు కూడా కలిపా. పెళ్ళివాళ్ళు చూసి "అతికించినట్టుంది" అంటున్నారు. తప్పు ఎక్కడుంది? ఫోటో జత చేశా.

సమాధానం:

ఫోటో చూశాను. ముందు మంచి వార్త: మీ ఫోటోలో ఎండ నిజంగానే వెనక నుంచి వస్తోంది. అమ్మాయి జుట్టు ఎడమ అంచున, అబ్బాయి పంచె మడతల మీద వెలుగు గీత కనిపిస్తోంది, చెట్ల నీడలు కెమెరా వైపు పడుతున్నాయి. కాబట్టి ఫ్లేర్ వేయడానికి ఈ ఫోటోకి హక్కుంది. నీడలు వెనక్కి పడిన ఫోటోలో, అంటే సూర్యుడు ఫోటోగ్రాఫర్ వీపు వెనక ఉన్నప్పుడు, ఎంత పనితనం చూపించినా వెనక ఎండ కుదరదు. మబ్బు పట్టి నీడలే లేని ఫోటోలో కూడా అంతే, మహా అయితే కొద్దిగా పొగమంచులాంటి వెలుగు వేసుకోవచ్చు, కిరణాలు మాత్రం వద్దు.

ఇక తప్పు సంగతి. మీరు వేసిన మూడూ ఒకే రకం "ఎఫెక్ట్" అనుకుని ఒకదాని మీద ఒకటి పెట్టేశారు. అవి పుట్టే చోట్లు వేరు. ఫ్లేర్ లెన్స్ లోపల పుడుతుంది, అందుకే అది ఫోటోలో ఉన్న ప్రతి వస్తువు మీదా, మనుషుల ముఖాల మీద కూడా పరుచుకుంటుంది. కిరణాలు తోటలోని గాలిలో, దుమ్ములో, పొగలో పుడతాయి. అవి ఒక దూరంలో ఉంటాయి కాబట్టి వాటికంటే ముందున్న మనిషి వాటిని కప్పేస్తాడు. బొకే గుండ్రాలు జంట వెనక ఎక్కడో దూరంగా ఉన్న వెలుగు చుక్కలు ఫోకస్ తప్పి ఉబ్బితే వచ్చేవి. మీ ఫోటోలో సరిగ్గా తిరగబడింది. ఫ్లేర్‌ని ముఖాల మీద నుంచి పూర్తిగా చెరిపేశారు, కిరణాలేమో అబ్బాయి ఛాతీ మీదుగా వెళ్తున్నాయి, బొకే గుండ్రం ఒకటి అమ్మాయి ఓణీ మీద కూర్చుంది. చూసేవాళ్ళకి ఈ లెక్కలు తెలియవు గానీ, ఏదో తేడాగా ఉందని కన్ను పట్టేస్తుంది.

మూడింటికీ ముందు తేల్చుకోవాల్సింది సూర్యుడు ఎక్కడున్నాడన్నది. మీరు ఎడమ పక్క రెండు కొబ్బరిచెట్ల మధ్య, ఫ్రేమ్‌లోనే పెట్టారు. అక్కడ ఉండే అవకాశమే లేదు. మన ప్రాంతంలో సూర్యాస్తమయానికి గంట ముందు సూర్యుడు సుమారు 12 నుంచి 14 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, రెండు గంటల ముందు కాలాన్ని బట్టి 24 నుంచి 28 దాకా. మార్చి మొదటి వారంలో రాజమండ్రిలో పొద్దు గుంకేది 6:10 ప్రాంతంలో. మీరు తీసింది 4:15కి కాబట్టి 26 డిగ్రీలు అనుకుందాం. ఫుల్ ఫ్రేమ్ మీద 85 ఎంఎం లెన్స్‌ని నిలువుగా పట్టుకుంటే పై నుంచి కింది దాకా అది చూసేది 24 డిగ్రీలే. కెమెరాని నేలకు సమాంతరంగా పట్టుకుంటే మధ్య నుంచి పైకి 12 డిగ్రీలు. 26 డిగ్రీల్లో ఉన్న సూర్యుడు 12 డిగ్రీల కిటికీలో ఎలా కనిపిస్తాడు? ఫ్రేమ్‌కి బాగా పైన, బయట ఉన్నాడు.

ఫోటోలో నీడ పొడవు కొలిచి ఎత్తు పట్టుకోవాలని చూడకండి. కెమెరా వైపు పడే నీడ కుదించుకుపోయి కనిపిస్తుంది, లెక్క తప్పుతుంది. టైమ్ చూసుకోవడమే మేలు, అందుకే కెమెరా గడియారం సరిగ్గా పెట్టుకోవడం మంచిది. నీడలు పనికొచ్చేది ఎడమా కుడీ తేల్చడానికి. చెట్ల మొదళ్ళ నుంచి వచ్చే నీడల్ని రెండు మూడు తీసుకుని, మొదలు వైపు వెనక్కి గీతలు పొడిగించండి. అవన్నీ హొరైజన్ గీత మీద ఒకచోట కలుస్తాయి. తోటలో హొరైజన్ కనబడదు గానీ, కెమెరా వంచకపోతే అది ఫోటో సరిగ్గా మధ్యలో, మీ లెన్స్ ఎత్తులో ఉంటుంది. ఆ కలిసే చోటికి నిట్టనిలువుగా పైన సూర్యుడుంటాడు. మీ ఫోటో మీద గీతలు గీసి చూస్తే అవి ఫ్రేమ్‌కి ఎడమ పక్క బయట కలుస్తున్నాయి, కెమెరా చూపుకి సుమారు 20 డిగ్రీలు ఎడమగా.

ఈ రెండు కోణాలూ లెన్స్ పొడవూ కలిపి లెక్కేస్తే సూర్యుడి చోటు ఇలా వచ్చింది: ఫోటో ఎడమ అంచు నుంచి ఇంకా ఎడమకి ఫోటో వెడల్పులో 0.8 వంతు, పై అంచు నుంచి ఇంకా పైకి ఫోటో ఎత్తులో దాదాపు ముప్పావు వంతు. పిక్సెల్ దాకా కచ్చితంగా ఉండక్కర్లేదు, పదో వంతు అటూ ఇటూ అయినా ఎవరూ పట్టుకోలేరు. ఫ్రేమ్ లోపల పెడితే మాత్రం పట్టేస్తారు.

దీన్నిబట్టే మీ పీఎన్‌జీ ఎందుకు అతకలేదో అర్థమవుతుంది. అందులో కిరణాలు ఎడమ పై మూల నుంచి మొదలై విసనకర్రలా 90 డిగ్రీల మేర విచ్చుకున్నాయి. సూర్యుడు అంత దూరంగా ఉన్నప్పుడు ఫోటోలోకి వచ్చే కిరణాల మధ్య తేడా ఆ మూల నుంచి ఈ మూల దాకా సుమారు 42 డిగ్రీలే. అన్నీ దాదాపు ఒకే వాలులో, ఎడమ పై నుంచి కుడి కిందికి దిగాలి. నెట్‌లో దొరికే సన్ రేస్ ఓవర్‌లేలు ఎక్కువగా మూలలో సూర్యుణ్ణి పెట్టి చేసినవే. వాటిని ఏ ఫోటోకి పడితే ఆ ఫోటోకి అతికిస్తాం, అన్ని ఆల్బమ్‌లలో అదే ఎండ కనిపిస్తుంది.

ఇప్పుడు పని. మొదట ఫ్లేర్. మీరు వాడిన Filter > Render > Lens Flare లో 50-300mm Zoom రకం తీసుకున్నారు, అందుకే గులాబీ, ఆకుపచ్చ రింగులు వరసగా వచ్చాయి. నిజం లెన్స్‌లో కూడా అలాంటి రింగులు వస్తాయి, కాదనను. వెలుగు ఒక గాజు ముఖం మీద వెనక్కి కొట్టి, ఇంకో గాజు ముఖం మీద మళ్ళీ ముందుకు కొడితే సెన్సర్ మీద ఒక ముద్ర పడుతుంది. పూత లేని గాజు ఒక్కో ముఖం 4 శాతం వెలుగుని వెనక్కి పంపుతుంది. రెండుసార్లు వెనక్కి కొట్టాలి కాబట్టి 4 శాతంలో 4 శాతం, అంటే 0.16 శాతం. ఇప్పటి లెన్సుల మీది పూతలు దాన్ని ఇంకా చాలా తగ్గిస్తాయి. సూర్యుడు ఫ్రేమ్‌లో ఉంటేనో, అంచుకి దగ్గరగా ఉంటేనో అవి కనిపిస్తాయి. మీ విషయంలో సూర్యుడు అంత బయట ఉన్నాడు, రింగులు అక్కర్లేదు. ఇంకొకటి, ఆ రింగులు సూర్యుడి నుంచి ఫోటో నడిమధ్య మీదుగా వెళ్ళే గీత మీదే వరసగా ఉంటాయి. ఫ్లేర్ వేశాక ఆల్బమ్ షీట్ కోసం క్రాప్ చేస్తే ఆ వరస నడిమధ్యని తప్పిపోతుంది. ఎప్పుడైనా రింగులు వేయాల్సి వస్తే క్రాప్ చేయకముందే వేయండి. నన్నడిగితే ప్రీ వెడ్డింగ్‌లో రింగులు పూర్తిగా మానేస్తేనే బాగుంటుంది.

ఫ్రేమ్ బయటి సూర్యుడు ముందు గాజు మీద పడితే అసలు జరిగేది వేరే. ఫోటో మొత్తం మీద ఒక పల్చటి వెలుగు తెర పడుతుంది. నలుపులు లేచి గోధుమ రంగుకి తిరుగుతాయి, కాంట్రాస్ట్ పడిపోతుంది, సూర్యుడి వైపు ఎక్కువగా, అవతలి మూల తక్కువగా. ఎండ నిజమని కన్ను నమ్మేది ఈ తెర వల్లే. మీ ఫోటోలో సూర్యుడి పక్కనే ఉన్న చెట్టు మొదలు కటిక నల్లగా ఉంది. అంత ఎండ లెన్స్‌లోకి వస్తుంటే అంత నలుపు మిగలదు.

తెరనీ కిరణాలనీ ఒకే చిన్న ఫైల్లో చేద్దాం, రెండూ మెత్తగా ఉండేవే కాబట్టి పెద్ద సైజు అక్కర్లేదు. ఫోటోని ఫ్లాటెన్ చేసిన కాపీ తీసుకుని 25 శాతానికి తగ్గించండి. 4000 బై 6000 ఫోటో 1000 బై 1500 అవుతుంది. Image > Canvas Size లో వెడల్పు 1800, ఎత్తు 2600 ఇచ్చి, యాంకర్‌ని కుడి కింది మూలకి పెట్టండి. అంటే ఎడమకి 800, పైకి 1100 ఖాళీ వచ్చింది. సూర్యుడు ఇప్పుడు కాన్వాస్ ఎడమ పై మూలలో సరిగ్గా కూర్చున్నాడు. మూలకి తెచ్చుకోవడం ఎందుకో కిరణాల దగ్గర చెబుతా.

కొత్త లేయర్ తీసుకుని, ఆ మూల నుంచి కుడి కింది మూల కొంచెం దాటేదాకా రేడియల్ గ్రేడియంట్ లాగండి. మొదటి రంగు సుమారు 255, 170, 85, చివరి రంగు నలుపు. లేయర్ మోడ్ Screen. ఇంతే తెర.

రంగు గురించి ఒక్క మాట. ఆరెంజ్ ఎంత కావాలన్నది మీ ఇష్టం కాదు, ఫోటో ఇష్టం. పంచె అంచున పడ్డ వెలుగుని ఐడ్రాపర్‌తో తాకి చూడండి, ఎండ రంగు అదే. 4:15 ఎండ ఇంకా సాయంసంధ్య ఎండ కాదు, లేత పసుపే. వైట్ బ్యాలెన్స్‌తో పంచెని పాల తెలుపు చేసేసి ఉంటే, ఆ పక్కనే ముదురు ఆరెంజ్ తెర వేయడం కుదరదు. ఆరెంజే కావాలని పెళ్ళివాళ్ళు పట్టుబడితే ముందు ఫోటో మొత్తాన్ని రా ఫైల్లోనే వెచ్చగా మార్చుకుని, తర్వాత తెర వేయండి.

Screen ఎందుకంటే అది నలుపుల్ని లేపుతుంది, తెలుపుల్ని దాదాపు వదిలేస్తుంది. దాని లెక్క ఇదీ:

```
ఫలితం = 255 - (255 - కింది లేయర్) × (255 - పై లేయర్) / 255
```

అమ్మాయి తల ఉన్నచోట పై గ్రేడియంట్ విలువ సుమారు 90, 60, 30 ఉంటుంది. అక్కడ జుట్టు 12, 12, 12 అనుకుంటే, తెర వేశాక అది 98, 69, 41 అవుతుంది. అంటే నల్లజుట్టు ఎండ తగిలిన గోధుమ రంగుకి తిరిగింది. అదే చోట పంచె తెలుపు 240, 240, 240 ఉంటే అది 245, 244, 242 అవుతుంది, మార్పు తెలియదు. కుడి కింది మూలలో గ్రేడియంట్ 15, 10, 5 దాకా పడిపోతుంది కాబట్టి అక్కడి నలుపు 26, 22, 17 దగ్గరే ఉండిపోతుంది. మానిటర్‌ని నమ్ముకోకుండా F8 నొక్కి Info ప్యానెల్‌లో ఈ మూడు చోట్లా నంబర్లు చూడండి. మీకు సరిగ్గా ఇవే రానక్కర్లేదు. సూర్యుడి వైపు నుంచి అవతలికి పోయేకొద్దీ నలుపు మెల్లగా దిగుతూ రావాలి, అంతే. ఫోటో పూర్తి సైజులో చూశాక మరీ పాలిపోయినట్టనిపిస్తే లేయర్ ఒపాసిటీ 70 దాకా తగ్గించండి.

ఈ తెరకి మాస్క్ వేయొద్దు. జంటనీ, చెట్లనీ, నేలనీ అన్నిటినీ కప్పాలి, ఎందుకంటే ఇది లెన్స్ లోపలి వెలుగు. కళ్ళు మరీ వెలిసిపోతే పెద్ద మెత్తటి బ్రష్‌తో ముఖాల మీద 20, 30 శాతం తగ్గించుకోవచ్చు, నేనూ చేస్తాను. ముఖం ఆకారం చుట్టూ కత్తిరించినట్టు తుడిస్తే మాత్రం మళ్ళీ మొదటికే వస్తుంది.

కిరణాల దగ్గరికొస్తే ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి: ఆ తోటలో కిరణాలు కనబడే గాలి ఉందా? వెలుగు దారి మనకి కనిపించేది దుమ్ము, పొగ, మంచు తగిలి పక్కకి చెదిరినప్పుడే. మంచు దిగిన జనవరి పొద్దున, ఆకులు కాల్చిన పొగ పట్టిన తోటలో, పశువులు నడిచిన దుమ్ములో కిరణాలు కత్తుల్లా కనిపిస్తాయి. మార్చిలో నాలుగింటికి శుభ్రమైన గాలిలో మహా అయితే లీలగా ఉంటాయి. ఇంకో షరతు, పైన ఆకుల సందులుండాలి, వెనక నీడగా ఉండాలి. మీ ఫోటోలో ఎడమ పక్క కొబ్బరి మట్టల గుబురు, దాని వెనక ముదురు ఆకుపచ్చ ఉన్నాయి, అక్కడ నప్పుతుంది. కుడి పక్క తెల్లటి ఆకాశం, అక్కడ కిరణం గీస్తే ఎవరికైనా దొరికిపోతుంది.

కిరణాన్ని బయట నుంచి తేకుండా మీ ఫోటోలోని సందుల నుంచే తీయండి. అదే చిన్న ఫైల్లో ఫోటో లేయర్ మీద ఉండి Select > Color Range లో Highlights ఎంచుకోండి. మట్టల మధ్య మెరిసే సందులన్నీ సెలక్ట్ అవుతాయి, వాటితోపాటు పంచె, నగలు, కుడి పక్క ఆకాశం కూడా. Ctrl+J కొట్టి కొత్త లేయర్ మీదికి తెచ్చుకుని, ఎడమ పక్క ఆకుల సందులు తప్ప మిగతావన్నీ చెరిపేయండి. ఈ చెరపడం బద్ధకించారో, అబ్బాయి పంచె నుంచి కిరణాలు మొలుస్తాయి. దాని కింద కాన్వాస్ అంతా నిండే నల్ల లేయర్ పెట్టి రెండూ మెర్జ్ చేయండి. సెలక్షన్ ఏదైనా మిగిలి ఉంటే Ctrl+D తో తీసేయండి.

ఇప్పుడు Filter > Blur > Radial Blur. Method దగ్గర Zoom, Amount 100, Quality దగ్గర ముందు Draft. ఈ ఫిల్టర్‌కి సరైన ప్రివ్యూ లేదు, Blur Center అనే చిన్న పెట్టెలో మౌస్‌తో లాగి మధ్య బిందువు పెట్టాలి. మధ్యలో ఎక్కడో సూర్యుడుంటే ఆ పెట్టెలో గుడ్డిగా గురి చూడాల్సి వస్తుంది. మనం కాన్వాస్ పెంచి సూర్యుణ్ణి మూలకి తెచ్చుకున్నాం కాబట్టి ఎడమ పై మూలకి లాగేస్తే చాలు. వాలు నచ్చితే అన్‌డూ చేసి, Best తో మళ్ళీ వేయండి. గీతలు ఇంకా చుక్కలు చుక్కలుగా ఉంటే Alt+Ctrl+F తో ఇంకోసారి. మోడ్ Screen పెట్టి, Levels లో నల్ల స్లైడర్ కొంచెం లోపలికి జరిపితే పొగలా పరుచుకున్నది పోయి చారలు విడివిడిగా తేలతాయి. వాటికి కూడా తెర రంగే, కాస్త పల్చగా ఇవ్వండి.

ఇప్పుడు రెండు లేయర్లనీ పెద్ద ఫోటోలోకి తేవాలి. Canvas Size మళ్ళీ 1000 బై 1500 కి, యాంకర్ కుడి కింది మూలే. Image Size లో 4000 బై 6000 కి పెంచండి. తర్వాత Shift నొక్కి పట్టుకుని లేయర్లని అసలు ఫైల్లోకి లాగితే అవి సరిగ్గా అదే చోట కూర్చుంటాయి.

కిరణాల లేయర్‌కి మాస్క్ తప్పనిసరి. మీ జంట 7 మీటర్లలో ఉన్నారు, ఆ మట్టల గుబురు వాళ్ళకి చాలా వెనక ఉంది. అక్కడి నుంచి దిగే కిరణాలు వాళ్ళ వెనకే ఆగాలి. Select > Subject తో జంటని పట్టి, మాస్క్ మీద నలుపు నింపి, అంచుకి రెండు మూడు పిక్సెల్స్ ఫెదర్ ఇవ్వండి. కిరణాల ముందు నిలబడ్డ చెట్టు మొదళ్ళు ఏవైనా ఉంటే వాటినీ మాస్క్‌లో నలుపు చేయండి. ఒక్క చెట్టు కిరణానికి అడ్డంగా ముందు నిలబడితే చాలు, తోటకి లోతు వచ్చేస్తుంది. ఒపాసిటీ మీ ఫోటోకి 15 నుంచి 20 చాలు. కిరణాల లేయర్ ఆఫ్ చేసినప్పుడు మాత్రమే "అరే, ఏదో పోయింది" అనిపించాలి, ఆన్‌లో ఉన్నప్పుడు కన్ను నేరుగా వాటి మీదికి పోకూడదు.

కిరణం ఎక్కడ నేలని తాకుతుందో కూడా చూసుకోండి. కిరణం దిగిన చోట నేల మీద వెలుగు మచ్చ లేకపోతే ఆ కిరణం అబద్ధం. మీ ఫోటోలో ఎడమ పక్క నేల మీద నాలుగైదు ఎండ మచ్చలు ఇప్పటికే ఉన్నాయి. కిరణాలు వాటివైపు దిగుతున్నవి ఉంచి, నీడలో దిగుతున్నవి మాస్క్‌లో తుడిచేయండి. కావాలంటే Curves లేయర్‌తో ఉన్న మచ్చల్నే కాస్త వెలిగించండి, కొత్త మచ్చలు మాత్రం గీయకండి.

ఇక బొకే. ఇక్కడ లెక్క మీకు నచ్చకపోవచ్చు. ఫోకస్ 7 మీటర్ల మీద ఉన్నప్పుడు, ఎంత దూరాన ఉన్న వెలుగు చుక్క అయినా సెన్సర్ మీద ఎంత ఉబ్బగలదో దానికో హద్దుంది. లెన్స్ పొడవుని దానితోనే గుణించి, ఎపర్చర్ నంబర్‌తోనూ ఫోకస్ దూరంతోనూ భాగిస్తే దాదాపుగా వస్తుంది. 85 ఎంఎం, f/2, 7 మీటర్లకి అది అర మిల్లీమీటర్ కంటే ఓ పిసరు ఎక్కువ. 6000 పిక్సెల్స్ ఎత్తున్న మీ ఫోటోలో అది 90 పిక్సెల్స్ లోపే. మీరు పెట్టిన గుండ్రాల్లో పెద్దది కొలిచి చూశా, 600 దాటింది. ఆ లెన్స్‌తో ఆ దూరంలో జంట వెనక అంత గుండ్రం రానే రాదు. ఈ లెక్క రాకపోయినా చిట్కా ఒకటుంది. మీ ఫోటోలోనే ఆకుల సందుల్లో ఉబ్బిన వెలుగు గుండ్రాలున్నాయి, జూమ్ చేసి వాటిని కొలవండి. మీరు కలిపేవి వాటికంటే పెద్దగా ఉండకూడదు. వాటి ఆకారం కూడా చూడండి: మధ్యలో గుండ్రంగా ఉన్నవి ఫ్రేమ్ అంచులకి పోయేకొద్దీ పిల్లి కన్నులా సన్నబడతాయి. పీఎన్‌జీ గుండ్రాలు మూలలో కూడా వంకలేని గుండ్రంగా ఉంటాయి, అక్కడే దొరుకుతాయి.

ఇంతకీ పట్టపగలు నాలుగింటికి కొబ్బరితోటలో నీలం, గులాబీ బొకే లైట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? తోటలో ఆ వేళ బొకే ఇచ్చేవి ఆకుల సందులు, నీటి మెరుపు, తడి ఆకు మీది తళుకు. అవి ఫోటోలో ఉన్నాయి, సరిపోతాయి. నా సలహా ఈ ఫోటోలో బొకే లేయర్ తీసేయమనే. రిసెప్షన్ ఫోటోల్లో, వెనక సీరియల్ సెట్ వేలాడుతున్నప్పుడు, ఉన్న బల్బుల వరసనే పొడిగించి కొన్ని కలపండి. అక్కడ కూడా జంట మీదికి రాకుండా మాస్క్, సైజు పక్క గుండ్రాలంతే, రంగు ఆ బల్బుల రంగే.

చివరగా ల్యాబ్‌కి పంపే ముందు చేయాల్సిన పని. మెత్తటి గ్రేడియంట్ 8 బిట్ ఫైల్లో మెట్లు మెట్లుగా విరుగుతుంది, స్క్రీన్ మీద కనపడకపోయినా ఆల్బమ్ షీట్ మీద, ముఖ్యంగా ఆకాశం దగ్గర, చారలు తేలతాయి. కుదిరితే రా ఫైల్ నుంచి 16 బిట్‌లో తెరిచి పని మొదలుపెట్టండి. ఎలాగైనా తెర లేయర్ మీదా కిరణాల లేయర్ మీదా Filter > Noise > Add Noise లో Gaussian, Monochromatic టిక్ చేసి, 1 నుంచి 2 శాతం నాయిస్ వేయండి. ఫోటోలో ఉన్న గ్రెయిన్ 100 శాతం జూమ్‌లో చూసి దానికి సరిపోయేలా పెట్టుకుంటే చారలు రావు, కిరణాలు కూడా కెమెరాలోంచే వచ్చినట్టు కలిసిపోతాయి. షార్పెన్ చేసేది మాత్రం ఇవన్నీ ఆఫ్ చేసి కింది ఫోటోకి మాత్రమే.

పెళ్ళివాళ్ళు చూసి "ఇంకొంచెం ఎండ కావాలి" అంటే, వాళ్ళు అంటారు కూడా, కిరణాల ఒపాసిటీ ముట్టుకోకండి. తెర లేయర్‌ని ఇంకో కాపీ తీసి 20 శాతంలో పెట్టి, సూర్యుడి వైపు అంచు మీద మాత్రమే ఉంచండి. అది వేశాక అమ్మాయి జుట్టు నంబర్లు ఇంకోసారి Info లో చూడండి. ఎరుపు విలువ 120 దాటితే జుట్టు జుట్టులా ఉండదు, అక్కడితో ఆపేయండి.